నూటికి మూడు పాళ్లు ఉప్పు

గోవిందస్వామన్నను పనిలో పెట్టుకునే రోజు నేను అడిగిన మొదటి మాట, "చేతులకేమైందన్నా?" అని. పది గోళ్లూ నీలంగా ఉండాయి.

"నగరిలో ముప్పై రెండేండ్లు నూలుకు రంగేసినానబ్బా. గుడ్డకేసిన రంగు నాలుగు ఉతుకులకు పోయిందని జనాలు మా ఓనరును తిట్టేవాళ్లు. నా గోళ్ల రంగు మాత్రం ఈనాటికీ పోలేదు. అమ్ముకోవాల్సింది నూలు కాదు, నన్ను," అన్నాడు.

ఆ జవాబుకే పని ఇచ్చేసినాను.

నా పేరు ధర్మేంద్ర. సత్యవేడులో ఒక గెస్ట్‌హౌస్ చూసుకుంటాను. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మిషన్లు బిగించేదానికి విదేశాల నుంచి వచ్చే ఇంజనీర్లు ఆర్నెల్లో, ఏడాదో మా దగ్గర ఉండి పోతారు. గోవిందస్వామన్నకు అప్పుడు అరవై ఒకటి. రంగునీళ్లు కాలవలో వదలకూడదు, శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకోమని ఆఫీసర్లు అంటే, అది తన వల్ల కాదని ఓనరు అద్దకం షెడ్డు మూసేసినాడు. అట్ల ఈయన పని పోయింది. భార్య చెంగమ్మక్కను వెంటబెట్టుకుని మా దగ్గరికొచ్చినాడు. ఈయనకు స్టోరు రూము అప్పజెప్పినాను. ఆయక్క వంటింట్లో కూరగాయలు తరిగేది. ఇద్దరికీ వెనకాల ఒక గది.

మనిషి నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు. దేవుడైనా, ఓనరైనా, నేనైనా ఆయనకు ఒకటే. ఒకసారి శ్రీ సిటీ నుంచి పెద్ద ఆఫీసరొకాయన గదులు చూసేదానికొచ్చి, "స్టోరులో ఎలుకలున్నాయా?" అని అడిగితే, "ఉండాయి సార్, అయితే అవి మర్యాదస్తులు, మీరొస్తారని పొద్దున్నే బయటికి పోయినాయి," అన్నాడు. ఆఫీసరు నవ్వినాడు కాబట్టి సరిపోయింది.

అద్దకం మాట వస్తే మాత్రం ఆయన ఎగతాళి చెయ్యడు. ముప్పై రెండేండ్లలో ఒక్క వన్నె కూడా తప్పలేదంట. నిరుడు నేసిన చీరకు ఈ ఏడు అదే రంగు కావాలంటే, పాత పోగు ఒకటి చేతిలో పెడితే చాలు, అచ్చం దించేవాడంట. "కంటికి ఓపిక, త్రాసుకు నీతి ఉంటే ఎవుడైనా చేస్తాడు," అనేవాడు. చెంగమ్మక్క పక్కనుంటే, "ఆ రెండూ నీకు యాడుండాయి?" అనేది. కానీ ఆ మాట ఆయన లేనప్పుడు వేరేగా చెప్పేది. షెడ్డు మూసిన రోజు ఈయన త్రాసును ఇంటికి మోసుకొచ్చి, నాలుగు దినాలు ఎవురితోనూ మాట్లాడలేదంట.

పోయినేడు మార్చిలో పోలెండు దేశం నుంచి ఆరుగురొచ్చినారు. వాళ్లకు పెద్ద, మారెక్ అని, ఆరడుగుల పైన మనిషి, యాభై ఏండ్లుంటాయి. మెత్తటోడు. మొదటి నెల సాంబారు తిని బాగుందన్నాడు. రెండో నెల సాంబారు చూసి నవ్వినాడు. మూడో నెల సాంబారు కనబడంగానే లేచి గదికి పోయి బ్రెడ్డు తినేవాడు. ముఖం పీక్కుపోయింది. ఒక రోజు నాతో, పక్కూరు టడలో వంటిల్లున్న ఇల్లొకటి చూసినామని, వచ్చే నెల అందరూ ఆడికి మారతామని చెప్పినాడు. ఆరు గదులు ఒక్కసారిగా ఖాళీ అయితే మా ఓనరు నన్ను కూడా వాళ్ల వెంటే పంపించేస్తాడు. "ఏం కావాలో చెప్పు సార్, మేమే చేసిపెడతాం," అని బతిమాలినాను.

మారెక్ వంటింట్లోకొచ్చి ఫోనులో ఏందో మాట్లాడి మా ముందర పెట్టినాడు. ఫోను తెలుగులో చదివింది: "క్యాబేజీ మరియు క్యారెట్టు ఉప్పునీటిలో పులియవలెను. దయచేసి అగ్నికి దూరముగా ఉంచండి. వెనిగరు వద్దు. నా నాయనమ్మ జ్ఞాపకము."

మా వంటమాస్టరు మురుగేష్ తిరుత్తణి వైపు మనిషి. పొయ్యి లేని వంట అంటే ఆయనకు అవమానంగా తోచింది. "పచ్చిది నీళ్లలో ఏసి కుళ్లబెట్టేదాన్ని వంటంటారా సార్?" అని నన్నడిగినాడు. అయినా ఊరగాయ తెలియని మనిషి కాదు. మామిడికాయకు వేసినట్టే పిడికెళ్లతో ఉప్పు వేసి, జాడీకి మూత బిగించి, మిద్దె మీద ఎండలో పెట్టినాడు.

పది దినాలయినా అందులో ఏమీ జరగలేదు. నీళ్లు ఫిల్టరు నీళ్ల మాదిరి తేటగా ఉండాయి. ఒక్క బుడగ లేదు, పులుపు వాసన లేదు. క్యారెట్టు ముక్కలు ముడుచుకుపోయి ముసలోళ్ల వేళ్ల మాదిరి అయినాయి. మారెక్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మర్యాదగా నమిలి, రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లిపోయినాడు.

గోవిందస్వామన్న ఒక ముక్క కొరికి ఊసేసినాడు. "మురుగేషా, ఇది క్యాబేజీ కాదప్పా, ఎండుచేప. ఇంతుప్పులో పులిపించే పురుగు ఒకటి పుట్టినా దాహంతో చస్తాది."

"అయితే నువ్వే చెయ్యన్నా. నీకు ఉప్పు గురించి ఏం తెలుసు?" అన్నాడు మురుగేష్ కోపంగా.

ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు వెయ్యాలంట. రోజుకు మూటలు మూటలు వేసిన మనిషి ఈయన. "నా జన్మలో నేను తొట్లలో పోసిన ఉప్పు మీ ఊరు మొత్తం నూరేండ్లు తిన్నా తరగదు," అన్నాడు. మారెక్‌ను పిలిచి, ఎంత ఉప్పు అని అడిగించినాడు. మారెక్ ఫోనులో ఏదో చూసి రెండు వేళ్లు చూపించి, మూడో వేలు సగానికి మడిచినాడు. నూటికి రెండున్నర.

"అంతే కదా. పర్సెంటు లెక్క. ఇది వంట కాదబ్బా, అద్దకం," అని గోవిందస్వామన్న తన గదిలోంచి పాత త్రాసు తెచ్చినాడు. ఆరు నెలల్లో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూసింది అదే మొదటిసారి.

రెండు కేజీల ముక్కలు, రెండు లీటర్ల నీళ్లు. లీటరుకు ఇరవై అయిదు గ్రాములు, మొత్తం యాభై గ్రాముల కల్లుప్పు. గ్రాము అటూ ఇటూ కాకుండా తూచినాడు. ఉప్పు కరిగేదాకా కలిపి ముక్కల మీద పోసినాడు. జాడీని వంటింటి గూట్లో పెట్టినాడు. రెండో దినానికే బుడగలు జోరుగా లేచినాయి. అందరినీ పిలిచి చూపించినాడు. "సూడండి, బాగా సూడండి. మురుగేష్ జాడీలో పది దినాల్లో రానిది నా జాడీలో రెండు దినాల్లో వచ్చింది. త్రాసు మహిమ."

నాలుగో దినం మూత తీసింది మురుగేష్. తీసి, రెండడుగులు వెనక్కి పోయి, ముక్కు మూసుకుని గోవిందస్వామన్నను పిలిచినాడు. డ్రైనేజీ మూత తీసినట్టు వాసన. క్యాబేజీ వేలు పెడితే నలిగిపోతా ఉండాది. నీళ్లు చేత్తో ఎత్తితే బెండకాయ జిగురు మాదిరి సాగినాయి.

గోవిందస్వామన్న తన గదికి పోయి ఒక చిన్న పెట్టె తెచ్చినాడు. అందులో రంగు మారే కాగితాలుండాయి. రంగు తొట్టిలో చాకలిసోడా సరిపోయిందా లేదా అని చూసుకునేదానికి అద్దకం షెడ్డులో వాడేవి. నీళ్లలో పుల్లదనం ఎంతుందో కూడా ఆ కాగితమే చెప్తాది. ఒకటి ముంచితే పసుపు రంగు తిరిగి ఆడే నిలబడింది. పెట్టె మీదున్న రంగుల పట్టీతో పోల్చి, "అయిదు," అన్నాడు మెల్లగా. మారెక్ కూడా వచ్చి చూసినాడు. తల అడ్డంగా ఊపి, నాలుగు వేళ్లు చూపించి, చేత్తో ఇంకా కిందికి అన్నట్టు సైగ చేసినాడు. అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ, నాలుగు కంటే తక్కువ రావాలని. అయిదంటే పులుపు చాల్లేదు, చెడ్డ పురుగులు బతికే ఉంటాయి. తినకూడదు.

జాడీని మారెక్కే చెత్త తొట్టి దగ్గరికి మోసుకుపోయి వంచినాడు. టోపీ తీసి ఒక నిమిషం నిలబడినాడు. ఎగతాళికి చేసినాడు, మురుగేష్ పొట్ట పట్టుకుని నవ్వినాడు. గోవిందస్వామన్న నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు. "తూకం తప్పలేదబ్బా," అని నాతో మూడుసార్లు అన్నాడు. "నూటికి రెండున్నర అన్నాడు. నూటికి రెండున్నరే వేసినా. వాళ్ల నూరు, మన నూరు వేరే వేరేనా?" అప్పటికే తాము గదులు ఖాళీ చేసేదానికి పది పదైదు దినాలే ఉండాయని మారెక్ గుర్తు చేసినాడు. నేను గోవిందస్వామన్న మీద కోపపడాలనుకున్నా గానీ, ఆ ముఖం చూసి అన్నం గిన్నె ఆయన ముందరికి జరిపి వచ్చేసినా.

మరుసటి పొద్దున పొరియాలు వేపుడు కోసం చెంగమ్మక్క క్యాబేజీ తరగతా ఉండాది. గోవిందస్వామన్న పక్కన పీట మీద కూర్చుని, నీళ్లలో తేడా ఉండాదేమో, ఉప్పులో కల్తీ ఉండాదేమో అని ఒక్కొక్కరినీ అనుమానిస్తా ఉండాడు. ఆయక్క ఒక దోసెడు తరుగు తీసి గిన్నెలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి, చేత్తో గట్టిగా పిసికి, ఆయన ముందర పెట్టింది.

"ఇదెందుకు?" అన్నాడు.

"ఊరికే సూస్తా ఉండు. నీకు వేరే పనేముండాది?"

పావుగంటకు గిన్నెలో సగం దాకా నీళ్లూరినాయి. ఆయక్క గిన్నెను వంచి చూపించింది. "ఈ నీళ్లు యాడనుంచి వచ్చినాయి?"

"క్యాబేజీలోంచి."

"నువ్వు పోసిన రెండు లీటర్లకు ఉప్పేసినావు. దీని లోపలున్న నీళ్లకు ఉప్పు ఎవురేస్తారయ్యా? మీ షెడ్డు ఓనరొచ్చి వేస్తాడా?"

గోవిందస్వామన్న గిన్నెలో వేలు ముంచి నాకి చూసినాడు. తర్వాత తల మీద చేయి పెట్టుకున్నాడు. నాకప్పటికి అర్థం కాలేదు, ఆయనే చెప్పినాడు. అద్దకంలో రంగును నూలు బరువు మీద లెక్కేస్తారంట. ఉప్పును మాత్రం తొట్టిలో నీళ్ల మీద లెక్కేస్తారు, లీటరుకు ఇన్ని గ్రాములని. నూలు ఎండుది, దాంట్లో నీళ్లుండవు, కాబట్టి ఆ లెక్క సరిపోతాది. క్యాబేజీ, క్యారెట్టు అట్ల కాదు. వాటి బరువులో తొంభై పాళ్లు నీళ్లే. ఉప్పు ఆ నీళ్లలోకి కూడా పోతాది. రెండు లీటర్లకేసిన యాభై గ్రాములు నాలుగు కేజీలకు పంచుకుంటే, నూటికి ఒకటింబావు కూడా రాదు. సగానికి సగం తగ్గిపోయింది. దానికి తోడు మే నెల ఎండలు, పొయ్యిల పక్కన గూడు. అంత తక్కువ ఉప్పు, అంత వేడి ఉంటే మంచి పులుపు పుట్టకముందే చెడ్డది వచ్చి కూర్చుంటాది.

"ముప్పై రెండేండ్ల అనుభవం నన్ను ముంచిందబ్బా," అన్నాడు. "దీనికి మూడు నిమిషాలు పట్టింది."

"మూడు కాదు, పావుగంట," అనింది చెంగమ్మక్క. "నువ్వు సూసుకోకుండా మాట్లాడతా ఉండావు."

ఆ రోజు నుంచి మనిషి మళ్లీ మనిషైనాడు. మురుగేష్‌ను నిలబెట్టి, "ఒక పిడికెడు ఉప్పు తియ్యి," అన్నాడు. తూచినాడు. ఇంకోటి తియ్యమన్నాడు. అట్ల అయిదుసార్లు తూచితే అయిదు తూకాలొచ్చినాయి, పెద్దది చిన్నదానికి ఒకటిన్నర రెట్లుండాది. తర్వాత ఒకే గరిటెతో మెత్తుప్పు ఒకసారి, కల్లుప్పు ఒకసారి తూచినాడు. మెత్తుప్పు బరువెక్కువ తూగింది. కల్లుప్పు రాళ్ల మధ్యలో సందులుంటాయి కదా. "అందుకే గరిటె లెక్క, పిడికిలి లెక్క వద్దు. నీ చెయ్యి మీద నాకు కోపం లేదు మురుగేషా, దానికి నీతి లేదు, అంతే," అన్నాడు.

మారెక్‌ను పిలిచి ఈసారి గట్టిగా అడిగించినాడు. "నూరంటే ఏంది? నీళ్లా, ముక్కలా, రెండూ కలిపా?" ఫోను ఆ ప్రశ్నను ఏమని మార్చిందో గానీ మారెక్ ఒకసారి నవ్వి, జాడీని చూపించి, రెండు చేతులతో గుండ్రంగా మొత్తం అన్నట్టు చూపించినాడు. ముక్కలు, నీళ్లు కలిపి. ఆయన నాయనమ్మ అయితే క్యాబేజీని దాని నీళ్లలోనే పిసికి పెట్టేదంట, అప్పుడు క్యాబేజీ బరువు మీదే రెండు, రెండున్నర చాలంట. క్యారెట్టు ముక్కలు పెద్దవిగా ఉండి వాటి నీళ్లు చాలవు కాబట్టి ఉప్పునీళ్లు పొయ్యాల్సిందే. ఎండకాలానికి మూడు మంచిదని ఆయన కూడా ఒప్పుకున్నాడు. ఉప్పు రవంత ఎక్కువుంటే పులుపు నింపాదిగా వస్తాది, ముక్క కరకరమంటా ఉంటాది. అంతకు చానా మించితే మాత్రం మురుగేష్ జాడీయే.

ఈసారి అద్దకం మేస్త్రి పద్ధతిలో జరిగింది. కేజీన్నర క్యాబేజీ, అరకేజీ క్యారెట్టు. క్యాను నీళ్లు లీటరున్నర. మొత్తం మూడున్నర కేజీలు. నూటికి మూడు, అంటే నూట అయిదు గ్రాముల కల్లుప్పు. కరిగించి పోసినాడు. ముక్కలు తేలకుండా పైన ఒక క్యాబేజీ ఆకు కప్పి, దాని మీద చిన్న గాజు గిన్నె బోర్లించి, వేడినీళ్లలో మరిగించిన రాయి పెట్టినాడు. నీళ్లపైకి వచ్చిన ముక్కే ముందు చెడతాదని మారెక్ చెప్పినాడు. మూత బిగించలేదు, ఊరికే ఆనించినాడు. లోపల గాలి పుడతాది, దానికి దారి లేకపోతే జాడీ పగులుతాది. జాడీ కింద పెద్ద పళ్లెం.

ఇంక జాడీ యాడ పెట్టాలి? వంటిల్లు కుంపటి. స్టోరు రూము కుంపటికి తమ్ముడు. గెస్ట్‌హౌస్ మొత్తంలో చల్లగా ఉండేది ఏసీ గదులే. "ఎవుడు తింటాడో వాని మంచం కిందే పెడదాం," అన్నాడు గోవిందస్వామన్న. మారెక్ ఎదురు చెప్పలేదు. మంచం కింద కాకుండా కిటికీ నీడన బల్ల మీద చోటిచ్చినాడు.

దినామూ పొద్దున ఆరున్నరకు గోవిందస్వామన్న ఆ గది తలుపు తట్టేవాడు. మారెక్ నిక్కరు మీద వచ్చి తీసేవాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక్క మాట కూడా రాదు. ఇద్దరూ బల్ల ముందర వంగి జాడీని చూసేవాళ్లు. చీర చూసేదానికి వచ్చిన పెండ్లివాళ్ల మాదిరి. కాఫీ తీసుకుని నేనూ పోయి నిలబడేవాణ్ణి.

మొదటి దినం ఏమీ లేదు. గోవిందస్వామన్న ముఖం చిన్నబోయింది. "మళ్లీ ఎక్కువైందా?" అని గొణుక్కున్నాడు. రెండో దినం పొద్దున మారెక్ జాడీని వేలితో మెల్లగా తట్టినాడు. క్యారెట్టు ముక్కల సందుల్లోంచి సన్న బుడగలు వరసగా పైకి లేచినాయి. పోయినసారి మాదిరి పొంగు కాదు, నెమ్మదిగా. మూడో దినం నీళ్లు బియ్యం కడిగిన నీళ్ల మాదిరి మసకేసినాయి. "పాడైంది," అన్నాడు చూసేదానికొచ్చిన మురుగేష్. మారెక్ బొటనవేలు పైకెత్తి చూపించినాడు. మసక రావాలంట. అది పులిపించే పురుగులు పెరిగిన గుర్తు. క్యాబేజీ పచ్చదనం పోయి లేత పసుపుకు తిరిగింది. నీళ్లు పొర్లి పళ్లెంలో పడినాయి.

నాలుగో దినం వాసన మారింది. ముందు రెండు దినాలు ఉడకబెట్టిన క్యాబేజీ కంపు కొట్టింది. అది పోయి, మజ్జిగకు దగ్గరగా ఉండే శుభ్రమైన పుల్లటి వాసన వచ్చింది. గోవిందస్వామన్న దినామూ ఒక కాగితం ముంచేవాడు. ఆ కాగితాలను ఒక అట్టకు వరసగా అంటించుకున్నాడు. పచ్చగా మొదలై, పసుపై, నారింజకు తిరిగినాయి.

"నేను సోడా తొట్లలో ముంచి ముంచి ఈ పట్టీలో నీలం దిక్కే చూసినానబ్బా," అన్నాడు నాతో. "ఎర్ర దిక్కు ఒకటుంటాదని పెట్టె మీద అచ్చేసినారు గానీ, దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అరవై ఒక్క ఏండ్లకు చూస్తా ఉండా."

ఆరో దినం అందరికీ గుండె జారింది. నీళ్ల మీద తెల్లగా, పల్చగా ఒక మీగడ కట్టింది. మురుగేష్ "బూజు" అన్నాడు. నేను టడలో ఆ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉండాదేమో, వీళ్లు పోతే నా పనీ పోతాదేమో అనుకున్నా. గోవిందస్వామన్న జాడీ దగ్గరికి వంగి, కళ్లద్దాలు పైకెత్తి, పక్క నుంచి చూసినాడు. "నూగు లేదు," అన్నాడు. "బూజంటే బొచ్చు లేస్తాది. పచ్చగానో నల్లగానో ఉంటాది. ఇది పాల మీద తొరక మాదిరి పడుకుని ఉండాది." మారెక్ తలూపి, చెంచాతో ఆ పొరను జాగర్తగా తీసేసి, గిన్నెను కడిగి మళ్లీ పెట్టినాడు. అదేమీ చెయ్యదంట, రుచి పాడవకుండా తీసేస్తే చాలంట. బొచ్చు లేచినా, గులాబీ రంగు తిరిగినా, జిగురు సాగినా జాడీ మొత్తం పారెయ్యాల్సిందేనని ఫోను తన భాషలో చెప్పింది: "దయ చూపకుము."

ఎనిమిదో దినం కాగితం నారింజ దాటి ఎరుపుకు దగ్గరైంది. మూడున్నర. జాడీ అడుగున తెల్లటి పొడి మాదిరి పేరుకుంది, అది కూడా మంచిదేనంట. బుడగలు తగ్గినాయి. మారెక్ ఫోర్కుతో ఒక క్యారెట్టు ముక్క తీసినాడు. కొరికినాడు. టప్‌మని విరిగిన చప్పుడు తలుపు దగ్గర నిలబడిన నాకు వినిపించింది.

ఆయన నమలతా అట్లే నిలబడినాడు. ఇంకో ముక్క తీసినాడు. తర్వాత ఫోర్కు పక్కన పెట్టి, చేత్తో క్యాబేజీ తీసి తినడం మొదలుపెట్టినాడు. మేము నేర్పించకుండానే మన మాదిరి తిన్నాడు. చివరికి గోవిందస్వామన్న చెయ్యి పట్టుకుని, ఆ నీలం గోళ్ల చెయ్యిని రెండు చేతుల్లో పెట్టుకుని ఊపినాడు.

"చాల్లే, చాల్లే. చెయ్యి వదులు, జాడీ మూతెయ్యాల," అన్నాడు గోవిందస్వామన్న తెలుగులోనే. వెంటనే మురుగేష్ వైపు తిరిగి, "ఏమప్పా, కుళ్లబెట్టేదాన్ని వంటంటారా అన్నావు, తిని చెప్పు," అన్నాడు.

మురుగేష్ ఒక ముక్క తిన్నాడు. "ఉప్పు కరెక్టుగా ఉండాది," అన్నాడు. వంటమాస్టర్లు అంతకు మించి ఒప్పుకోరు.

చెంగమ్మక్క దాన్ని పెరుగన్నంలోకి నంజుకుని చూసింది. బాగుందని చెప్పలేదు. రెండోసారి పెట్టుకుంది.

వాళ్లు టడకు పోలేదు. సగం ఫ్రిజ్జులో పెట్టి నెమ్మదిగా తిన్నారు. చల్లదనంలో పులుపు పెరగడం మందగిస్తాది కదా. అప్పటి నుంచి వారానికొక జాడీ పడేది. వానలొచ్చినాక గోవిందస్వామన్న ఉప్పును నూటికి రెండున్నరకు దించినాడు. డిసెంబరులో పులిసేదానికి రెండు వారాల పైన పట్టింది, దానికీ ఆయన తొందరపడలేదు. మురుగేష్ ఇప్పుడు సాంబారు ఉప్పు కూడా ఎవురూ చూడనప్పుడు తూచుకుంటాడు. నేను చూసినాను.

పోలెండోళ్లు జనవరిలో వెళ్లిపోయినారు. పోయే ముందర మారెక్ గోవిందస్వామన్నకు ఒక చిన్న డిజిటల్ త్రాసు ఇచ్చినాడు, గ్రాములో పదో వంతు కూడా చూపించేది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంత సన్నంగా ఎవురి నీతిని తూచేదానికప్పా ఇది?" అన్నాడు. పాత త్రాసును మాత్రం పక్కన పెట్టలేదు.

ఫిబ్రవరిలో నగరిలో ఆయన పాత జతగాడి కూతురి పెండ్లి జరిగింది. నన్నూ పిలుచుకుపోయినాడు. ఒక సీసా నిండా క్యాబేజీ క్యారెట్టు తెచ్చి, మండపం వెనకాల, షెడ్డులో తనతో పనిచేసినోళ్లందరినీ కూర్చోబెట్టి తలా కొంచెం పెట్టినాడు. పాత ఓనరు కూడా ఉండాడు అందులో. ఒక్కొక్కరూ నోట్లో వేసుకుని ముఖాలు వంకరలు తిప్పినారు.

"ఇది తినేదానికా వాళ్లు పోలెండు నుంచి ఇంత దూరమొచ్చింది?" అన్నాడు ఒకాయన.

"వాళ్ల దేశంలో అల్లుడికి ఇదే పెడతారా?" అన్నాడు ఇంకొకాయన.

గోవిందస్వామన్న ఒక్కరినీ వదలకుండా అందరికీ సమాధానం చెప్పినాడు. అందులో నేను రాయగలిగింది ఒక్కటి కూడా లేదు.

చివరికి ఓనరు మాత్రం రెండో ముక్క తీసుకుని, నెమ్మదిగా నమిలి, "ఉప్పెంత వేసినావు స్వామీ, లీటరుకు?" అని అడిగినాడు.

"లీటరుకు కాదు సార్," అని గోవిందస్వామన్న పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఆడే నేను కూడా తప్పినా. ముందు ముక్కలు తూచాల. తర్వాత నీళ్లు తూచాల."